తలుపుకు తగిలే బల్ల

మా దుకాణంలో కంప్యూటర్ గది తలుపు సగానికి మించి తెరుచుకునేది కాదు. లోపలున్న బల్ల అంచుకు తగిలి ఆగిపోయేది. పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని దూరాలి. నేను సన్నగా ఉండేదాన్ని కాబట్టి నడిచిపోయింది. మా అన్న దూరిన ప్రతిసారీ చొక్కా గుండీ గడియకు తగులుకునేది, ఆ కోపం నా మీద చూపించేవాడు.

"నీ క్యాడ్ లెక్క గిట్లనే ఉంటది. ఒక్క బల్ల గీస్తివి, అది తలుపుకు తాకుతది. ఇగ ఊరందరికీ గీస్తవా?"

హైదరాబాదులో క్యాడ్, అంటే కంప్యూటర్ మీద నమూనాలు గీయడం, నేర్చుకుని వచ్చాక నేను గీసిన మొట్టమొదటి బొమ్మ ఆ బల్లదే. గది కొలిచి, తలుపు తిరిగే వంపు కూడా గీసి, మధ్యలో అర అంగుళం సందు వదిలి మరీ ఇచ్చాను. బల్ల తయారై వచ్చేసరికి ఆ సందు లేదు. మేస్త్రి చెయ్యి జారిందనుకున్నాను. అన్న మాత్రం నా బుర్రే జారిందన్నాడు.

మాది సూర్యాపేటలో హైవేకు ఆనుకుని ఉన్న వడ్రంగి దుకాణం. నాయిన పెట్టింది. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన ఉలి పక్కన పెట్టేశాడు. బేరాలు అన్న చూసేవాడు, పని మేస్త్రి చేసేవాడు. మేస్త్రిది చిలుకూరు. నాయిన దగ్గరే పని నేర్చుకుని అక్కడే జుట్టు నెరిసిన మనిషి, నేను మామా అని పిలిచేదాన్ని. తొంభైలు చివరికొస్తున్న రోజులు. వడ్రంగి దుకాణంలో కంప్యూటరేమిటని బజారంతా నవ్వుతుంటే, అన్న ఏ కళనున్నాడో గానీ ఒక పాతదాన్ని కొన్నాడు. ఒక షరతు పెట్టాడు. దాంతో ఒక్క పెద్ద పనైనా సరిగ్గా నడవాలి. నడవకపోతే మిషన్ పోతుంది, నేను ఇంట్లో కూర్చుంటాను. బస్టాండు దగ్గరి జిరాక్స్ దుకాణం వాడు అప్పటికే ఒకసారి వచ్చి మానిటర్ మీద దుమ్ము వేలితో తుడిచి చూసిపోయాడు. వాడి చూపు నాకు గేదెను బేరం చేసేవాడి చూపులా కనిపించింది, ఒళ్ళు మండింది.

నాయిన మాత్రం ఆ గదిలో అడుగు పెట్టేవాడు కాదు. బయట దుంగ మీద కూర్చుని టీ తాగుతూ, నేను కనబడితే ముఖం రోడ్డు వైపు తిప్పుకునేవాడు. ఆడపిల్ల దుకాణంలో కూర్చోవడం ఆయనకు గిట్టదని, అన్న చేత అనిపిస్తున్నది కూడా ఆయనేనని నా గట్టి అనుమానం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, నేను పట్టుకుందామనే చూస్తూ ఉండేదాన్ని.

అప్పుడే ఆ పెద్ద పని వచ్చింది. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు సేటు కొత్త ఆఫీసు కట్టాడు. గుమాస్తాలకు పన్నెండు బల్లలు కావాలన్నాడు, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. కాళ్ళు, పట్టీలు టేకువి, పైపలక టేకు ముఖమున్న ప్లైవుడ్‌ది. ప్లైవుడ్ ఆయనే ఇస్తానన్నాడు. ధాన్యం బస్తాలో చెయ్యి పెట్టి అడుగు నుంచి గింజలు తీసి చూసే మనిషాయన, వడ్రంగిని ఎందుకు నమ్ముతాడు?

"ఎన్ని షీట్లు పడతయో ఇప్పుడే చెప్పుండ్రి. తర్వాత ఇంకొకటి కావాలంటే నేను ఇయ్య. ఎటు పోయిందని అడుగుత" అన్నాడు అన్నతో.

అన్న నా వైపు చూశాడు. ఒక్క రోజు గడువడిగి దుకాణానికొచ్చి తెర ముందు కూర్చున్నాను.

ముందు చట్రం గీశాను. రెండుంపావు అంగుళాల కాళ్ళు, వాటి మధ్య పట్టీలు. కాలిలో తొలిచేదాన్ని మా దుకాణంలో బెజ్జం అంటాం, పట్టీ చివర మిగిల్చి అందులో దించేదాన్ని నాలుక అంటాం. చదువులో మార్టిస్, టెనాన్ అని చెప్పారు. పట్టీ మందంలో మూడో వంతు నాలుక మందం, అంగుళంపావు పొడవు. పైనుంచి చూసే బొమ్మలో కాలి మూల దగ్గర రెండు పట్టీల నాలుకలు లోపల ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నట్టు కనిపించింది. వాటి కొసలు నలభై ఐదు డిగ్రీలకు ఏటవాలుగా కోసేస్తే రెండూ సర్దుకుంటాయి. బెజ్జం లోతు నాలుక కంటే వెంట్రుకవాసి ఎక్కువ పెట్టాను, బంక నిలవడానికి. మేస్త్రి మామ తలుపు సందులోంచి తల పెట్టి చూసి, "గిది మేం చేసేదే గదా బిడ్డా, దీనికింత కరెంటు ఎందుకు?" అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ మాట నిజమే.

కరెంటు ఎందుకో షీట్ల దగ్గర తెలిసింది. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు, నాలుగడుగులు. నాలుగు రెండ్ల పలకలు నాలుగు సరిగ్గా పడతాయని ఎవరైనా అంటారు. పడవు. రంపం పళ్ళ మందం కూడా చెక్కను తింటుంది, ఒక్కో కోతకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొట్టుగా రాలిపోతుంది. అందుకని పలకను అటూ ఇటూ పావు అంగుళం తగ్గించి, నలభై ఏడు ముప్పావు, ఇరవై మూడు ముప్పావు పెట్టాను. నాలుగు అంచులకూ నూలు మందం టేకు పట్టీ అంటిస్తే మళ్ళీ సరిగ్గా నాలుగు రెండ్లు వస్తుంది. తెర మీద షీటంత దీర్ఘచతురస్రం గీసి, పలకలను అందులో పేర్చి, మధ్యలో రంపం సందు వదిలి, అన్నింటికీ చెక్క చార పొడవు వైపే ఉండేట్టు చూశాను. ఒక్కో షీటుకు నాలుగు. పన్నెండు బల్లలకు మూడు షీట్లు.

"మూడు" అని చెప్పించాను. సేటు మూడంటే మూడే పంపాడు, గుమాస్తా చేత వాటి వెనక సంతకం పెట్టించి మరీ.

టేకు కోయించడానికి నేను కోదాడ సా మిల్లుకు పోవలసి వచ్చింది. అక్కడ అరువుకు దొరికే దుంగలు మాకు అలవాటు. మిల్లాయన నా కటింగ్ లిస్టు చూసి కళ్ళద్దాలు నుదుటి మీదకు నెట్టాడు.

"కాళ్ళ మధ్య సందు నలభైన్నర అని బొమ్మలో ఉంది. పట్టీ నలభై మూడు రాశారేంటమ్మా? మిగతా చెక్క ఎక్కడికి పోద్ది?"

"కాళ్ళ లోపలికి పోతుందండీ. రెండు వైపులా నాలుకలుంటాయి కదా."

"మీ మేస్త్రి రాశాడా, మీరు రాశారా?"

నేనే రాశానన్నాను. అయినా ఆయన అన్నకు ఫోన్ చేసి అడిగి, సరేననిపించుకున్నాకే రంపం తిప్పాడు. నా ఎదురుగానే అడిగాడు, అదీ నాకు మంట. దుంగలు ఎండినవి ఏరుకోవడం, చిత్రికకు కాస్త వదిలి కోయించడం, లారీ దొరకడం, వీటన్నిటికీ ఒకటికి రెండు రోజులు కోదాడలో మేనత్త ఇంట్లో ఉండిపోయాను.

తిరిగొచ్చేసరికి దుకాణంలో ఏదో తేడాగా ఉంది. గోడకు మూడు షీట్లు ఆనించి పోయాను. ఒక్కటే ఉంది. గోనెపట్టా కప్పి రెండు పలకలు కనిపించాయి. రెండే. ఎనిమిది ఉండాలి.

"మామా, మిగతా పలకలేవి?"

మేస్త్రి మామ ఉలి నూరుతూ తల ఎత్తలేదు. "కోస్తున్న."

"రెండు షీట్లు అయిపోయినయి కద. ఆరు పలకలెటు పోయినయి?"

"ఉంటయి తియ్యి. జర ఆగు."

ఇన్నేళ్ళలో మామ నాకు ముక్తసరిగా జవాబు చెప్పడం అదే మొదలు. నాయిన బయట దుంగ మీదే ఉన్నాడు. మామ ఆయన వైపు ఒకసారి చూశాడు, ఆయన రోడ్డు వైపు చూశాడు. ఆ చూపులు నాకు నచ్చలేదు. పక్కనే ఫోటో ఫ్రేముల దుకాణం ఉంది, వాళ్ళకు ప్లైవుడ్ ముక్క కనబడితే పండగ. నేను టీ నెపంతో అక్కడికి పోయి మూలమూలా చూసొచ్చాను. ఏమీ కనబడలేదు. దాచి ఉంటారులే అనుకున్నాను. అనుమానం పట్టుకుంటే దొరకకపోవడం కూడా సాక్ష్యమే అవుతుంది.

అన్నకు తెలిసిపోయింది. వాడు మామను అనుమానించలేదు. నన్నే అన్నాడు.

"మూడని నువ్వు చెప్పినవు. ఒక షీటుకు ఒక్కటే వస్తున్నదంట. తలుపుకు తాకిన బల్ల లెక్కనే గిది గూడ. రేపు గుమాస్తా వస్తడు చూడనీకి. ఏమని చెప్పాలె? ఆ జిరాక్సాయనకు కబురు పెడుత. నీకిగ ఈ పరేషాన్ వద్దు, మాకూ వద్దు."

గదిలోకి దూరి తలుపు వేసుకున్నాను. ఏడుపు వచ్చిన మాట నిజం, అయితే ముందు కోపం వచ్చింది. బొమ్మ మళ్ళీ తెరిచాను. ఒక్కో పలకా కొలిచాను. ఎక్కడా తప్పు లేదు. నాలుగు, నాలుగు, నాలుగు. తెర మీద పన్నెండూ హాయిగా కూర్చున్నాయి.

అప్పుడు టేపు తీసుకుని బయటికొచ్చి గోనెపట్టా లాగేశాను. మామ ఉలి ఆపాడు. పలక పొడవు నలభై ఎనిమిది ముప్పావు. వెడల్పు ఇరవై నాలుగు ముప్పావు. నేను ఇచ్చిన దానికంటే అటొక అంగుళం, ఇటొక అంగుళం ఎక్కువ. షీటు పొడవులో సగం నలభై ఎనిమిది, వెడల్పులో సగం ఇరవై నాలుగు. రెండు వైపులా సగం దాటితే ఇంక రెండోది ఎక్కడ పడుతుంది? ఒక్కటే వస్తుంది. ఒక్క అంగుళం పెంచి నాలుగు పలకల షీటును ఒక పలక షీటు చేశారు.

"ఎవరు పెంచిన్రు మామా?"

"నేనే కోసిన."

"కోసింది నువ్వే. పెంచుమన్నదెవరు?"

మామ లేచి ఉలులన్నీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. "ఫ్రేముల దుకాణంల ఎతికినవంట కద బిడ్డా. దొంగ చెయ్యి అనుకున్నంక ఈ దుకాణంల ఉలి పట్ట. ముక్కలన్నీ అటక మీదున్నయి, ఒక్కటి పోలే. లెక్క పెట్టుకో."

అటకెక్కాను. ఉన్నాయి. రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కోసినట్టున్నారు, ముక్కలు జతలు జతలుగా ఉన్నాయి. అక్కడే దుమ్ములో కూర్చుని ఆలోచించాను. దొంగ ఎవడైనా పలక చిన్నగా కోస్తాడు, మిగిలింది తీసుకుపోతాడు. పెద్దగా కోసే దొంగ ఉంటాడా? పట్టీ అంటించాక నలభై తొమ్మిది, ఇరవై ఐదు. చెయ్యి జారితే నూలో రెండు నూళ్ళో జారుతుంది. రెండు వైపులా సరిగ్గా ఒక్కో అంగుళం జారదు.

ఇది చెయ్యి జారడం కాదు, ఎవరో లెక్క కట్టారు. మా ఇంట్లో అలా లెక్క కట్టే మనిషి ఒక్కడే. మంచం చేసినా, తలుపు చేసినా, వేళ్ళ మీద గొణుక్కుంటూ ఆయం చూసేవాడు. పొడవును వెడల్పుతో హెచ్చించి, దాన్ని తొమ్మిదితో హెచ్చించి, ఎనిమిదితో భాగిస్తే ఏం మిగిలిందో చూడటం. బేసి మిగిలితే మంచిది, సరి మిగిలితే కీడు. ఏమీ మిగలకపోతే ఎనిమిదన్నట్టే, అది కాకాయం, అన్నిటికంటే చెడ్డది. చిన్నప్పుడు విని నవ్వేదాన్ని.

అటక దిగి నేరుగా బయటికి పోయాను.

"నాయినా, నువ్వేనా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నాలుగు రెండ్లు కాకాయం బిడ్డా. లెక్కలు రాసుకునే బల్ల అది. కాకాయం బల్ల ముందల కూసున్నోడు ఆడ నిలవడు. ఏదో ఒక తీరుగ లేసి పోవుడే. తెలిసి తెలిసి ఎట్ల చేయిస్త?"

"నాకు చెప్పొద్దా?"

"నవ్వుతవని."

"మామను దొంగను చేస్తివి కద?"

దానికి ఆయన తల దించుకున్నాడు. "రెండు షీట్లు ఒక్కసారే కోసినం. మల్ల సూస్తె మిగతా పలకలు పడతలేవు. ఏం చెయ్యాల్నో తెల్వలే. చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించిన."

నాకు అరవాలనిపించింది. "పెంచుడు ఎందుకు మరి? తగ్గిస్తె కాదా?" అని అడిగాను.

"ఇస్తమన్న కొలత తగ్గియ్యొద్దు. పెంచితే పెంచాలె. మా నాయిన కాడికెల్లి గంతే."

గదిలోకి పరిగెత్తాను, తలుపు బల్లకు గుద్దుకుంది. నమ్మకమున్నా లేకపోయినా లెక్క లెక్కే. నలభై తొమ్మిది ఇంటూ ఇరవై ఐదు, దానికి తొమ్మిది, ఎనిమిదితో భాగిస్తే ఒకటి మిగిలింది, అన్నిటికంటే మంచిదనే ధ్వజాయం. మరి కిందికి? నలభై ఏడు ఇంటూ ఇరవై మూడు. వెయ్యీ ఎనభై ఒకటి. తొమ్మిదితో హెచ్చించి ఎనిమిదితో భాగించాను. ఒకటే మిగిలింది. అదే ధ్వజాయం.

అంచు పట్టీల మందం తీసేస్తే పలక నలభై ఆరు ముప్పావు, ఇరవై రెండు ముప్పావు. అటక మీది ముక్కలు కొలిచొచ్చి తెర మీద గీశాను. ఒక్కో షీటులో నిలువునా మిగిలిన పొడుగు ముక్క ఇరవై మూడు అంగుళాల ఒక నూలు వెడల్పు ఉంది. నా మొదటి పలక దాంట్లో పట్టదు. ఈ కొత్త పలక పడుతుంది, పొడవులో రెండు పడతాయి. పెద్ద పలక పక్కన మిగిలిన ముక్కలో ఇంకొకటి. పెద్ద పలకను కోసి తగ్గిస్తే అదొకటి. మళ్ళీ నాలుగు. చెడిపోయాయనుకున్న రెండు షీట్లూ చెడలేదు. చట్రం ముట్టుకునే పనే లేదు, పలక అంచు కాళ్ళ బయటికి అంగుళమున్నర బదులు అంగుళం వస్తుంది, అంతే.

నాయినను చెయ్యి పట్టి గదిలోకి తెచ్చాను. ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. అక్కడి నుంచే తెర మీద పన్నెండు పలకలను లెక్కపెట్టి, వేళ్ళ మీద గొణుక్కున్నాడు. ఒకసారి చాలలేదు, మళ్ళీ గొణుక్కున్నాడు.

"సేటు ఒప్పుకుంటె నాకు సమ్మతమే" అన్నాడు.

మామ గుడ్డ మూట చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడే ఉన్నాడు. క్షమించమని అడగడం నాకు చేతకాదు. మూట లాక్కుని బల్లపీట మీద విప్పేశాను. "నువ్వు పోతే బెజ్జాలు నేను తొలవాల్నా?" అన్నాను. "నువ్వు తొలిస్తె బల్ల నిలబడతదా?" అని ఆయన ఉలి అందుకున్నాడు.

గుమాస్తా వచ్చే దాకా ఆగకుండా, మర్నాడు పొద్దున్నే నాయిన, అన్న, నేను బస్సెక్కి మిర్యాలగూడ పోయాం. సేటు కొలత తగ్గిందనగానే కళ్ళు చికిలించాడు.

"అంగుళం ఎటు పోయింది? మూడు షీట్ల నుంచి ఎంత మిగుల్చుకున్నరు?"

నేను బొమ్మ ప్రింటు పరిచి, మిగిలే ముక్కలు కూడా చూపించి, అవి కూడా బల్లలతో పాటే పంపిస్తామన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. అప్పుడు నాయిన నోరు విప్పాడు. నాలుగు రెండ్లు కాకాయమని, ఇది ధ్వజాయమని. సేటు ముఖం మారింది. లోపలికి పోయి వాళ్ళ ముసలాయనను అడిగి వచ్చాడు. ఆయన చేత లెక్క మళ్ళీ కట్టించినట్టున్నాడు, చాలాసేపు పట్టింది.

"చేయుండ్రి. కోసేటప్పుడు మా గుమాస్తా గాడ కూసుంటడు" అన్నాడు.

గుమాస్తా కూర్చున్నాడు. పొట్టు ఒక్కటి తప్ప అన్నీ సంచిలో వేయించుకున్నాడు. పన్నెండు బల్లలూ వచ్చాయి. నాలుకలు బెజ్జాల్లోకి గూటం దెబ్బతో బిగువుగా దిగాయి, ఏ మూలలోనూ ఒకదాన్నొకటి పొడుచుకోలేదు. బల్లలు లారీ ఎక్కిన రోజు అన్న జిరాక్స్ వాడి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే మనసు మార్చుకుంటాడేమోనని భయం.

ఆ సాయంత్రం బొమ్మను ఫ్లాపీలో దాచుకుందామని గదికి పోయాను. తలుపు ఎప్పటిలాగే బల్లకు తగిలి ఆగింది. రోజూ తిట్టుకుంటూ దూరేదాన్ని, ఆ రోజు మాత్రం తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేను గీసింది నాలుగు రెండ్ల బల్ల.

టేపు తెచ్చాను. పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను. నమ్మలేక మళ్ళీ కొలిచాను. నలభై తొమ్మిది. ఇరవై ఐదు.

సందులోంచి చూస్తే నాయిన బయట దుంగ మీద టీ తాగుతున్నాడు. నన్ను చూసి ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. నేను గీసిన కొలతలో ఆ బల్ల చేయిస్తే దాని ముందు కూర్చున్న మనిషి అక్కడ నిలవదు. ఆయనకు ఆ భయం మొదటి రోజు నుంచీ ఉంది. నేనేమో ఆయన నన్ను పంపించేయడానికి చూస్తున్నాడని ఇన్నాళ్ళూ కాపలా కాశాను.

మామను పిలిచి, తలుపు ఊడదీసి బయటికి తెరుచుకునేట్టు బిగించమన్నాను.

"బల్ల అంగుళం కోస్తె అయిపోతది కద బిడ్డా" అన్నాడు మామ.

"బల్ల ముట్టుకోకు" అన్నాను.